శ్లాబు బిల్లు గురించి

బుజ్జీ,

నువ్వు ఫొటో తీసి పంపిన శ్లాబు బిల్లు చూశాను. కాంట్రాక్టరు కాంక్రీటు 23.65 క్యూబిక్ మీటర్లు అని రాశాడు. మన అగ్రిమెంటులో క్యూబిక్ మీటరుకి 7,500 రూపాయలు, అందులోనే సిమెంటు, ఇసుక, కంకర, కూలీ, వేస్టేజీ అన్నీ కలిసి ఉన్నాయి, స్టీలూ సెంట్రింగూ విడిగా. ఆదివారం నువ్వు ఊళ్లో లేవు కాబట్టి తమ్ముణ్ణి తీసుకుని సైటుకి వెళ్లి మొత్తం కొలిచి వచ్చాను. నా లెక్కలో వచ్చింది 17.97. అంటే 5.68 క్యూబిక్ మీటర్లు ఎక్కువ రాశాడు, రూపాయల్లో 42,600. ఇది ఎలా వచ్చిందో నీకు వివరంగా తెలియాలి, ఎందుకంటే శనివారం ఆయన ఎదురుగా కూర్చునేది నువ్వు. "మా నాన్న చెప్పారు" అంటే ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

ముందు మందం సంగతి చెప్తాను, అసలు తేడా అంతా అక్కడే మొదలైంది. డ్రాయింగులో శ్లాబు 125 మిల్లీమీటర్లు, అంటే 5 అంగుళాలు. బిల్లులో 150. నేను ఫోన్ చేసి అడిగితే "సార్, మీరే వచ్చి టేపు పెట్టి చూసుకోండి" అన్నాడు. ఆయన చూపించేది ముందువైపు బయటికొచ్చిన పోర్షన్ అంచు. అక్కడ టేపు పెడితే నిజంగానే 150 వస్తుంది. కానీ వాన నీళ్లు గోడ మీదకి రాకుండా కింద బొట్టుగా రాలిపోవాలని ఆ అంచుకి మాత్రం కిందివైపు ఒక అంగుళం పెదవి పోస్తారు, అది రెండు అంగుళాల వెడల్పు కూడా ఉండదు. దాని లోపలి నుంచి కొలిస్తే అక్కడా 125 దగ్గరే ఉంది. కాబట్టి అంచు మీద వచ్చిన కొలతని శ్లాబు మొత్తానికి వేయడానికి వీల్లేదు. ఏ శ్లాబుకైనా అంచులో మందం నమ్మకూడదమ్మా, లోపల ఎంతుందో చూడాలి.

పోసేసిన శ్లాబుకి లోపల మందం ఎలా తెలుస్తుందని తమ్ముడు అడిగాడు. మెట్ల ఓపెనింగ్‌కి ఒకవైపు బీము లేదు కదా, అక్కడ శ్లాబు మందం నేరుగా కంటికి కనబడుతుంది, ఆ గట్టు వెంట మూడు చోట్ల కొలిచాం. మిగతావి బాత్రూముల దగ్గర పైపుల కోసం వదిలిన రంధ్రాల్లో. బైండింగ్ వైరు కంటే కాస్త గట్టి తీగ తీసుకుని చివర అంగుళం మేర ఎల్ ఆకారంలో వంచి, పైనుంచి రంధ్రంలోకి దింపి, ఆ వంపు సీలింగుకి కిందనుంచి ఆనేదాకా పైకి లాగాలి. పైన రంధ్రం మీద అడ్డంగా అల్యూమినియం బద్ద పెట్టి, బద్ద అడుగు అంచు తీగకి తగిలిన చోట గోటితో పట్టుకుని తీగని బయటికి తీసి కొలవాలి. రంధ్రం చుట్టూ మాలు ముద్దలు అంటుకుని ఉంటే ముందు గోకేయాలి, లేకపోతే బద్ద ఎత్తుగా కూర్చుని మందం ఎక్కువ చూపిస్తుంది. ప్లాస్టిక్ స్లీవు పైకి పొడుచుకొచ్చి ఉన్న చోట కూడా అదే ఇబ్బంది, దాన్ని కోసేసి కొలిచాం.

ఏడు చోట్ల వచ్చిన అంకెలు ఇవి: 122, 126, 128, 124, 121, 127, 130. కూడితే 878, ఏడుతో భాగిస్తే 125కి కాస్త పైన. శ్లాబు మందాన్ని 5 మిల్లీమీటర్ల దగ్గరికి సరిచేసి రాయమని కొలతల పద్ధతి చెప్పే ఐఎస్ 1200లోనే ఉంది, కాబట్టి 125 అని రాశాను. ఒకచోట 121 వచ్చిందని గాభరా పడకు, ఒకచోట 130 వచ్చిందని ఆయన్ని పట్టుకోనివ్వకు. సెంట్రింగ్ పలకల మీద పోసిన శ్లాబు ఎక్కడా గీత గీసినట్టు ఉండదు.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకో. మన డ్రాయింగులోనే 125 ఉంది కాబట్టి ఇది బిల్లు తగాదా మాత్రమే. అదే డ్రాయింగులో 150 ఉండి, పోసింది 125 అయితే అప్పుడు డబ్బు తగ్గించుకుని ఊరుకునే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిచి ఆ శ్లాబు బరువు మోస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి. రేపు పై అంతస్తు శ్లాబు పోసినప్పుడు కూడా ఏ సైటు లెక్కకన్నా ముందు డ్రాయింగు తీసి చూడు.

ఇక విస్తీర్ణం. 12.00 ఇంటూ 9.00 అని రాశాడు, అది సరిగ్గానే ఉంది, నేను కొలిచినా అంతే వచ్చింది. కానీ మెట్ల ఓపెనింగ్ తీసేయలేదు. అది 4.00 ఇంటూ 2.10, అంటే 8.40 చదరపు మీటర్లు, అక్కడ కాంక్రీటే లేదు. చిన్న చిన్న పైపు రంధ్రాలు నేను తీసేయలేదు చూడు, 0.1 చదరపు మీటరు లోపు ఓపెనింగులకి తగ్గింపు ఉండదని నియమం. లోపలున్న స్టీలు ఆక్రమించిన చోటుకి కూడా తగ్గింపు లేదు. అలాంటివి మనం పట్టుకుంటే ఆయనకి అన్యాయం చేసినట్టే. అప్పుడు శ్లాబు 99.60 చదరపు మీటర్లు, 125తో వేస్తే 12.45 క్యూబిక్ మీటర్లు. ఆయన రాసింది 16.20.

బీముల దగ్గర లెక్క ఇంకా సూక్ష్మంగా ఉంది, ఇక్కడే చాలామంది ఇంటివాళ్లు పట్టుకోలేరు. డ్రాయింగులో బీము 230 ఇంటూ 450 అని ఉంటుంది. ఆ 450 అనేది శ్లాబు పైభాగం నుంచి బీము అడుగు వరకు. శ్లాబుని మనం బీముల మీద కూడా కలిపి 12 ఇంటూ 9 మొత్తానికి లెక్క వేసేశాం కదా, అంటే బీము పైన ఉన్న 125 శ్లాబు లెక్కలో వచ్చేసింది. ఇక బీముకి మిగిలేది 325 మాత్రమే. కింద నిలబడి సీలింగు నుంచి బీము అడుగు దాకా టేపు పెడితే కూడా 325 వచ్చింది. ఆయన మొత్తం 450 వేశాడు, ఆ 125 రెండుసార్లు లెక్కలోకి వచ్చింది.

అంతేకాదు, మూడు పొడుగు బీములు 12 మీటర్లవి, నాలుగు అడ్డ బీములు 9 మీటర్లవి అని 72 మీటర్లు రాశాడు. అడ్డ బీము పొడుగు బీముని దాటే ప్రతిచోటా ఆ 230 మిల్లీమీటర్ల ముక్క పొడుగు బీము లెక్కలో ఉండనే ఉంది. ఒక్కో అడ్డ బీముకి అలాంటివి మూడు, అంటే 9.00లో 0.69 పోతే 8.31, నాలుగింటికి 33.24. పొడుగువి 36తో కలిపి 69.24 మీటర్లు. దాన్ని 0.23తో, 0.325తో గుణిస్తే 5.18 క్యూబిక్ మీటర్లు. ఆయనది 7.45. కాలమ్స్ బిల్లు కూడా తీసి చూశాను, అవి బీము అడుగు దాకానే కొలిచాడు, కాబట్టి కాలమ్ మీద ఉన్న ముక్క బీములోనే ఉంచాను. ఒకవేళ కాలమ్స్ శ్లాబు దాకా రాసి ఉంటే ఇక్కడ ఇంకా తగ్గేది.

ఆయన మర్చిపోయింది కూడా ఒకటుంది. ముందువైపు 3.00 మీటర్ల పొడవున 0.90 బయటికొచ్చిన పోర్షన్ 12 ఇంటూ 9లోకి రాదు, బిల్లులో ఎక్కడా లేదు. అది 0.34 క్యూబిక్ మీటర్లు. నేను కలిపాను, నువ్వు కూడా శనివారం ముందు ఇదే చెప్పు. మనం కొలవడానికి వచ్చింది కోత పెట్టడానికి కాదని ఆయనకి అర్థమవుతుంది, ఆయన డబ్బు ఆయనకి రావాలి కూడా. 12.45, 5.18, 0.34 కలిపితే 17.97.

ఆయన ఒక మాట తప్పకుండా అంటాడు: "సెంట్రింగ్ కిందికి దిగింది, లెక్క కన్నా ఎక్కువ పట్టింది, నేను పోసింది పోశాను." పలకలు వంగి ఎక్కువ పడితే అది ఆయన సెంట్రింగ్ లోపం, దానికి మనం డబ్బు ఇవ్వక్కర్లేదు. అయినా నిజంగా ఎంత పోశాడో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. మిక్సరు పెట్టి పోశాడు కాబట్టి సిమెంటు బస్తాలు చూడు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో ఎం20 పోస్తే క్యూబిక్ మీటరుకి సుమారు 8 బస్తాలు పడతాయి. వాచ్‌మన్ పుస్తకంలో శ్లాబు ముందు రోజు సాయంత్రం 160 బస్తాలు, మర్నాడు మిగిలినవి 14 అని ఉంది. ఖర్చయింది 146. మన 17.97కి 144 కావాలి, దాదాపు సరిపోయింది. ఆయన చెప్పిన 23.65 నిజమైతే 189 కావాలి. 146 బస్తాలతోనే 23.65 పోశానంటే క్యూబిక్ మీటరుకి 6 బస్తాల చిల్లర వేసినట్టు, అది మనం ఒప్పుకున్న కాంక్రీటే కాదు. బస్తాల లెక్క ఒక్కటే పెట్టుకుని బిల్లు కోయలేం, తడిసిన బస్తా, పక్కన వేరే పనికి వాడిన బస్తా ఉంటాయి. కానీ టేపు లెక్కా బస్తాల లెక్కా ఒకచోటికి వచ్చాయంటే నాకు ఇక అనుమానం లేదు. ఈ మాట ఆయన ముందు గట్టిగా అనకు, పుస్తకం తెరిచి చూపించు, ఆయనే లెక్క వేసుకుంటాడు.

నేను పంచాయతీరాజ్‌లో ఉన్నన్నాళ్లూ ఎం బుక్కులో రాసిన కొలతల్ని పై ఆఫీసరు వచ్చి మళ్లీ కొలిచేవారు, ఎవరూ దాన్ని అవమానంగా తీసుకోలేదు. నువ్వూ అలాగే చెయ్యి. తెల్లకాగితం మీద సంఖ్య, పొడవు, వెడల్పు, మందం అని గళ్లు గీసి, ఆయన ఒక చివర టేపు పట్టుకుంటే నువ్వు రెండో చివర పట్టుకో, అల్లుడుగారు రాస్తారు. నా అంకెలు ముందు చూపించకు. మందం కోసం రంధ్రాలు ఆయన్నే ఎంచుకోమను. చివర్లో ఇద్దరూ సంతకాలు పెట్టండి, ఫొటో తీసి నాకు పంపు.

సెంట్రింగ్ బిల్లు కూడా ఒకసారి చూడు, దాన్ని చదరపు మీటర్లలో కొలుస్తారు కాబట్టి మెట్ల ఓపెనింగ్ 8.40 అక్కడ కూడా తీసేశాడో లేదో చూడాలి, నాకు ఆ కాగితం పంపలేదు నువ్వు. సీలింగు ప్లాస్టరింగ్ మాత్రం శనివారం అయ్యేదాకా మొదలుపెట్టనివ్వకు, ప్లాస్టరింగ్ పడితే తీగకి వచ్చే మందం అర అంగుళం మారిపోతుంది, బీము లోతు కూడా. పనివాళ్లు సోమవారం వస్తారని విన్నాను, అంతకుముందే అయిపోవాలి. ఈలోగా ఆయనకి అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే ఒక లక్ష వరకు ఇవ్వు, తగువు లేని సొమ్ము అంతకన్నా ఎక్కువే ఉంది, పని ఆగకూడదు.

ఆశీస్సులతో,
నాన్న