ఎక్స్ఛేంజీలో ఉన్న కాయిన్ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

మీ వాణిజ్య పేజీలో బంగారం, షేర్ల ధరల పక్కన బిట్‌కాయిన్ ధర కూడా వేస్తున్నారు. ధరతో పాటు పాఠకులకు తెలియాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దాని మీద చర్చ దాదాపు లేదు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఆదాయపన్ను రిటర్నులు వేస్తుంటాను. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వచ్చాక ఆ లెక్కలు కూడా నా టేబుల్ మీదికి వస్తున్నాయి. తెచ్చేవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల కుర్రాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. కాయిన్లు ఎక్కడున్నాయని అడిగితే ఫోన్ తీసి, కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూపిస్తారు. ఆ అంకె కంపెనీ తన పుస్తకంలో రాసుకున్న పద్దు. కాయిన్‌ను కదిలించే ప్రైవేట్ కీ ఉండేది కంపెనీ దగ్గర. అంతా సవ్యంగా నడిచినన్నాళ్లూ ఈ తేడా పైకి కనిపించదు. కంపెనీ దెబ్బతిన్న రోజున మాత్రం మనం కాయిన్ యజమానులమా, లేక కంపెనీ నుంచి బాకీ రావాల్సినవాళ్లమా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు మన దేశంలో స్పష్టమైన చట్టం లేదు.

వజీర్‌ఎక్స్‌లో జరిగింది చూడండి. 2024 జులై 18న ఆ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు పోయాయి. మన లెక్కలో దాదాపు రెండు వేల కోట్ల రూపాయలు. ఖాతాదారుల ఆస్తిలో అది ఇంచుమించు 45 శాతం. పోయింది ఒకే వాలెట్ నుంచి. అదీ ఒక్కరి సంతకంతో కదిలే వాలెట్ కాదు. దానికి ఆరు కీలు ఉండేవి. ఐదు ఎక్స్ఛేంజీ వాళ్లవి, ఒకటి కస్టడీ సేవలందించే లిమినల్ సంస్థది. ఎక్స్ఛేంజీ తరఫున ముగ్గురు సంతకం చేసి, ఆ తర్వాత లిమినల్ కూడా ఒప్పుకుంటేనే కాయిన్ కదిలేది. ఎక్స్ఛేంజీ వాళ్లు సంతకాలకు, కీని తనలోనే దాచి ఉంచే చిన్న పరికరాలైన హార్డ్‌వేర్ వాలెట్లే వాడారు. ఇన్ని జాగ్రత్తలున్నా, కంపెనీ చెప్పిన ప్రకారం, కంప్యూటర్ తెర మీద కనిపించింది ఒక మామూలు బదిలీ, సంతకాలు పడింది వేరే ఆదేశం మీద. ఆ ఆదేశం వాలెట్ అధికారాన్నే దొంగల చేతికి అప్పగించింది. తప్పు మీదంటే మీదని రెండు సంస్థలూ వాదించుకున్నాయి. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి.

దొంగతనం ఎక్కడైనా జరగవచ్చు. నాకు బాధ కలిగించింది ఆ తర్వాత జరిగింది. పోయిన వాలెట్‌లో ఉన్నవి ఇథీరియం, ఆ నెట్‌వర్క్ మీద నడిచే టోకెన్లు. ఎక్స్‌ఆర్‌పీ లాంటి కాయిన్లు అందులో లేవు, అవి దొంగల చేతికి పోలేదు. అయినా అందరి ఖాతాలూ స్తంభించాయి. నష్టాన్ని ఖాతాదారులందరికీ పంచుతామని, 55 శాతం వాడుకోనిచ్చి 45 శాతం ఆపేస్తామని కంపెనీ మొదట ఒక ప్రతిపాదన తెచ్చింది. జనం మండిపడేసరికి దాన్ని పక్కన పెట్టింది. తర్వాత వ్యవహారం సింగపూర్ కోర్టుకు వెళ్లింది, ఎందుకంటే మాతృసంస్థ నమోదైంది అక్కడే. మన ఊళ్లో కూర్చుని మన బ్యాంకు ఖాతా నుంచి రూపాయల్లో కాయిన్లు కొన్న మనిషి, సింగపూర్ చట్టం కింద ‘రుణదాత’గా మారి, తన సొమ్ము ఎప్పుడు ఎంత ఇవ్వాలన్న పథకం మీద ఆన్‌లైన్‌లో ఓటు వేయాల్సి వచ్చింది. ట్రేడింగ్ మళ్లీ మొదలైంది 2025 అక్టోబరు 24న. అంటే పదిహేను నెలలు.

ఆ మర్నాడే మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఒక ఉత్తర్వు గురించి పత్రికల్లో మరింతగా రావాల్సింది. చెన్నైకి చెందిన ఒక ఖాతాదారు దగ్గర 3,532 ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లున్నాయి. నా కాయిన్లు దొంగతనంలో పోలేదు, వాటిని ఇతరుల నష్టానికి జమ కట్టవద్దని ఆమె కోర్టుకెక్కారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఆ వాదన విని, క్రిప్టో అనేది ఆస్తేనని, దాన్ని సొంతం చేసుకోవచ్చని, మరొకరి తరఫున ట్రస్టుగా ఉంచవచ్చని చెప్పి ఆమెకు మధ్యంతర రక్షణ ఇచ్చారు. చాలా మంచి మాట. కానీ అది కంపెనీతో ఆమె వివాదం మధ్యవర్తిత్వంలో తేలేదాకా ఒక్క ఖాతాదారుకు దొరికిన ఊరట. కోర్టు ఖర్చు భరించలేని మిగతావాళ్లకు దానితో ఏం ఒరుగుతుంది?

బాకీ ఏ రోజు ధరకు లెక్క కడతారన్నది ఇందులో ఇంకో చిక్కు. 2022 నవంబరు 11న అమెరికాలో దివాలా పిటిషన్ వేసిన క్రిప్టో ఎక్స్ఛేంజీ ఎఫ్‌టీఎక్స్‌ది హ్యాకింగ్ కథ కాదు. ఖాతాదారుల డబ్బును యజమాని తన సొంత ట్రేడింగ్ సంస్థ అలమెడాకు మళ్లించాడు, జైలుకు వెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో చిన్న ఖాతాదారులకు చెల్లింపులు మొదలైనప్పుడు ‘119 శాతం వెనక్కి’ అని వార్తలొచ్చాయి. వినడానికి వడ్డీతో సహా ముట్టినట్టే ఉంటుంది. కానీ లెక్క కట్టింది దివాలా నాటి ధరకు. ఆ రోజు బిట్‌కాయిన్ సుమారు 16,900 డాలర్లు. ఒక బిట్‌కాయిన్ ఉన్నవారికి 119 శాతం లెక్కన రావాల్సింది సుమారు 20,000 డాలర్లు. చెల్లింపులు మొదలైన రోజున ఒక బిట్‌కాయిన్ ధర 95,000 డాలర్ల దరిదాపుల్లో ఉంది. అంటే ఒక కాయిన్ దాచుకున్న మనిషికి తిరిగి దక్కింది కాయిన్‌లో ఐదో వంతు. చట్టం దృష్టిలో అతనికి రావాల్సింది డాలర్ల బాకీ మాత్రమే కాబట్టి ఇలా జరిగింది.

దీని పక్కన హైదరాబాద్ షేర్ బ్రోకర్ కార్వీ ఉదంతం పెట్టి చూడాలి. ఖాతాదారుల షేర్లను కార్వీ తన డీమ్యాట్ ఖాతాలోకి మార్చుకుని బ్యాంకుల్లో తాకట్టు పెట్టిందని 2019 నవంబరులో సెబీ తేల్చింది. మన తెలుగువాళ్లు ఎంతోమంది అప్పుడు నిద్రపోలేదు. అయినా కొద్దిరోజుల్లోనే, డిసెంబరు మొదట్లో, దాదాపు 83 వేలమందికి షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లోకి వచ్చాయి. కారణం, ఏ షేరు ఎవరిదో బ్రోకర్‌తో సంబంధం లేకుండా డిపాజిటరీ దగ్గర రికార్డు ఉంది, సెబీ ఆదేశం ఇవ్వగలిగింది. క్రిప్టోకు అలాంటి డిపాజిటరీ లేదు, సెబీ లాంటి నియంత్రణ సంస్థా లేదు. ‘ఎఫ్‌ఐయూలో నమోదైన ఎక్స్ఛేంజీ’ అన్న ప్రకటన చూసి ధైర్యపడేవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. ఎఫ్‌ఐయూ అంటే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం. ఆ నమోదు నల్లధనం కదలికల మీద నిఘా కోసం. మీ కాయిన్లకు అది హామీ కాదు.

మరి కాయిన్లు సొంత వాలెట్‌లో పెట్టుకుంటే? ఏళ్ల తరబడి దాచుకోవాలనుకునేవాళ్లకు అదే మేలని నా అభిప్రాయం. కానీ కంపెనీ నెత్తిన ఉన్న బరువంతా మన నెత్తి మీదికి వస్తుందని తెలిసి చేయాలి. హార్డ్‌వేర్ వాలెట్ మొదటిసారి ఆన్ చేయగానే 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు వరుసగా చూపిస్తుంది. దాన్నే సీడ్ ఫ్రేజ్ అంటారు. పరికరం పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు, ఆ పదాలుంటే కాయిన్లు వస్తాయి. పదాలు పోతే ఏ కస్టమర్ కేర్ వాళ్లూ ఏమీ చేయలేరు. ఇంకొకరికి తెలిస్తే వాళ్లు ఎక్కడో కూర్చుని నిమిషంలో ఊడ్చేస్తారు. కాబట్టి కాగితం మీద చేత్తో రాయాలి. ఫోటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపుకోకూడదు, కంప్యూటర్‌లో ఎక్కడా టైప్ చేయకూడదు. పదాలు ముందే అచ్చు వేసి పెట్టెలో వస్తే ఆ పరికరాన్ని వాడనే కూడదు.

రాసుకున్నవాళ్లు కూడా చాలామంది పరీక్షించి చూడరు. ముందు చాలా తక్కువ మొత్తం పంపాలి. పంపేటప్పుడు కంప్యూటర్‌లో కనిపించే చిరునామా, పరికరం తెర మీది చిరునామా ఒకటేనా అని చివరిదాకా సరిచూడాలి. నెట్‌వర్క్ ఏదో కూడా చూసుకోవాలి. ఆ చిన్న మొత్తం చేరాక పరికరాన్ని పూర్తిగా రీసెట్ చేసి, కాగితం మీది పదాలతో మళ్లీ తెరవాలి. అదే చిరునామా, అదే మొత్తం కనిపిస్తే రాసుకున్నది సరైనదే. అప్పుడు మిగతాది పంపాలి. పదాలున్న కాగితం ఎక్కడుందో ఇంట్లో నమ్మకమైన ఒక్కరికైనా తెలియాలి, లేకపోతే మనిషి పోయిన రోజున ఆస్తీ పోయినట్టే. పన్ను మాటకొస్తే, మన ఎక్స్ఛేంజీ ఖాతా నుంచి మన సొంత వాలెట్‌కే పంపుకోవడం అమ్మకం కాదు. కానీ కొన్న ధర, తేదీ, బదిలీ ఐడీ రాసి ఉంచుకోకపోతే తర్వాత అమ్మిన రోజున లెక్క చెప్పలేరు.

ఇదంతా అందరివల్లా అయ్యే పని కాదు. టెన్షన్ లేకుండా చేయలేమనిపిస్తే బలవంతంగా చేయనక్కర్లేదు. రోజూ కొని అమ్మేవాళ్లకు ఎక్స్ఛేంజీ ఎలాగూ తప్పదు. వాళ్ల రక్షణ కోసమే చట్టం కావాలి. లాభం మీద 30 శాతం, అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్ వసూలు చేస్తున్న ప్రభుత్వం, ఆ పన్ను కడుతున్నవాళ్ల ఆస్తికి ఏ భద్రతా ఇవ్వకపోవడం న్యాయం కాదు. ఖాతాదారుల కాయిన్లు ట్రస్టు ఆస్తి అని, కంపెనీ అప్పులకు, ఇతరుల నష్టాలకు వాటిని జమ కట్టకూడదని మద్రాసు కోర్టు ఒకరికి చెప్పిన మాటను పార్లమెంటు అందరికీ చట్టం చేయాలి. కొన్న కాయిన్‌ను ఖాతాదారు అడిగినప్పుడు బయటి వాలెట్‌కు పంపడం తప్పనిసరి చేయాలి. కొన్ని యాప్‌లు కొనడానికి, అమ్మడానికి తప్ప కాయిన్ బయటికి పంపే దారే ఇవ్వకుండా ఏళ్ల తరబడి వ్యాపారం చేశాయి. నిల్వలు చూపించి మురిపించే ఎక్స్ఛేంజీలు, ఖాతాదారులకు బాకీ ఎంతో కూడా బయటి ఆడిటర్ చేత లెక్క కట్టించి అదే కాగితంలో చూపించాలి. బాకీ తెలియకుండా నిల్వ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

చట్టం వచ్చేలోగా మీ పత్రిక ఒక పని చేయగలదు. మన దేశంలో నడుస్తున్న ఎక్స్ఛేంజీలను మూడు ప్రశ్నలు అడగండి: కాయిన్‌ను సొంత వాలెట్‌కు పంపనిస్తారా? ఒక వాలెట్ దోపిడీకి గురైతే నష్టం ఎవరు భరించాలని మీ షరతుల్లో రాసి ఉంది? ఖాతాదారుతో ఒప్పందం ఏ దేశంలో నమోదైన సంస్థ పేరు మీద ఉంది? వచ్చిన జవాబులను, జవాబివ్వని వాళ్ల పేర్లను ఆ ధరల పట్టిక పక్కనే వేయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ