పొగతాగే పేషెంటుతో అర నిమిషం

చిన్నా,

మొన్న ఫోన్లో "మానెయ్యమని చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోందక్కా, ఒక్కడూ మానడు" అన్నావు. వెనక ఓపీ గోల, సగం మాట నీకు వినపడలేదనుకుంటా, అందుకే రాస్తున్నా.

ఇక్కడ ఇంగ్లండ్‌లో జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకి, పేషెంటుకు పది నిమిషాలే. మనిషి వచ్చింది వేరే బాధకి, పొగ సంగతికి దొరికేది అర నిమిషం. అందులోనే అడగడం, సలహా చెప్పడం, సాయం చేయడం మూడూ అయిపోవాలి. నువ్వు మొదటి రెండూ చేసి ఆగిపోతున్నావని నా అనుమానం, చాలామంది డాక్టర్లు ఆగేది అక్కడే.

ఒక లారీ డ్రైవర్ సంగతి చెప్తాను. యాభై దాటినాయన, మోకాలి నొప్పితో వచ్చాడు. "ఇంకా సిగరెట్ తాగుతున్నారా?" అన్నాను, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగినంత మామూలుగా. రోజుకి ఇరవై అన్నాడు, రికార్డులో ఎక్కించాను. ఊపిరితిత్తులు, కేన్సరు ఏమీ ఎత్తలేదు, అవి ఆయనకి తెలియక కాదు కదా తాగుతున్నది. "మానడానికి అన్నిటికన్నా బాగా పనిచేసేది మందు, దాంతోపాటు వారం వారం పలకరించే మనిషి. రెండూ ఇప్పిస్తాను, పేరు రాయమంటారా?" అన్నాను, అంతే. ఇప్పుడు కాదులెండి అన్నాడు. సరే, ఎప్పుడనిపిస్తే అప్పుడు అడగండి అని మోకాలు చూడటం మొదలుపెట్టాను.

గమనించావా, "మానాలని ఉందా?" అని అడగలేదు. అలా అడిగితే ఎక్కువమంది చూద్దాంలెండి అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఆరోగ్యం పాడవుతుంది మానండి అని చెప్పినదానికన్నా, సాయం చేస్తామని అందరికీ చెప్పినప్పుడు మానే ప్రయత్నం చేసేవాళ్లు ఎక్కువని 2012లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది.

ఆ డ్రైవరు తర్వాత బీపీకి వచ్చినప్పుడు తనే అడిగాడు. నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎప్పుడు అంటే, మంచం దిగకముందే అన్నాడు. లేచిన అరగంటలోపే కావాలంటే నికోటిన్ పట్టు గట్టిదని అర్థం. అందుకని ఒంటికి అంటించే 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్ రోజంతా, మధ్యలో ఆరాటం వచ్చినప్పుడు 4 మి.గ్రా. నికోటిన్ గమ్. వారం తిరక్కుండానే గమ్ దండగ, ఎక్కిళ్లు, కడుపులో మంట అని వచ్చాడు. చూస్తే మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలేస్తున్నాడు, అదీ కాఫీ తాగుతూ! ఘాటు వచ్చేదాకా మెల్లగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలెయ్యాలి, ఘాటు తగ్గాక మళ్లీ రెండు నములు. నికోటిన్ ఎక్కేది నోటి లోపలి పొర నుంచి, మింగితే కడుపుకే. కాఫీ, కూల్‌డ్రింకుల పులుపుకి నోట్లోంచి సరిగా ఎక్కదు, పావుగంట ముందే ఆపాలి. ఇది చూపించకుండా చీటీ రాసిస్తే సాయం చేసినట్టు కాదు.

ఇక నీ "ఒక్కడూ మానడు". 1979లో లండన్ జీపీల దగ్గర ఒక పరిశోధన జరిగింది. డాక్టరు మానమని చెప్పి, ఒక కరపత్రం ఇచ్చి, మళ్లీ వాకబు చేస్తామని చెప్పిన వాళ్లలో ఏడాదికి నూటికి అయిదుగురు మానారు, ఏమీ చెప్పని వాళ్లలో నూటికి ఒకరు కూడా లేరు. అంటే బాగా చేసినా నీ కళ్లకి కనపడేది ఆ తొంభై అయిదుగురే. మానినవాడు దగ్గు పోయిందని చెప్పడానికి నీ దగ్గరికి రాడుగా. కానీ నీ ఓపీకొచ్చే జనం లెక్కన ఆ అయిదుగురు ఏడాదికి ఎంతమంది అవుతారో వేసి చూడు.

అక్కడి సంగతికొస్తే, "సిగరెట్ తాగుతారా" అంటే శ్రీకాకుళంలో సగం మంది నిజంగానే లేదంటారు. బీడీ, చుట్ట, ఖైనీ పేరుపేరునా అడుగు. ముసలమ్మల్ని తప్పకుండా అడుగు, అడ్డపొగ తాగేవాళ్లయితే నిప్పు వైపు నోట్లో ఉంటుంది కాబట్టి అంగిలి మీద తెల్ల మచ్చలు, పుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడు. నీకు వారం వారం పలకరించే మనిషి లేడు, నిజమే. సిగరెట్ ప్యాకెట్ మీద 1800-11-2356 అని ఉచిత నంబరు ఉంటుంది, దాన్ని చీటీ వెనక రాసివ్వడం కాదు, నీ కాంపౌండరు చేత అక్కడికక్కడే కలిపించు. 2 మి.గ్రా. గమ్ చీటీ లేకుండానే దొరకాలి, మీ ఊరి మెడికల్ షాపులో ఉందో లేదో కనుక్కో, లేకపోతే తెప్పించమను.

అమ్మ మోకాళ్ల ఎక్స్‌రే ఫొటో తీసి పంపు, మర్చిపోకు.

అక్క