రియాక్టర్ దగ్గరి బోర్డు దిగేవాడికి అర్థమయ్యేలా ఉండాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం పైడిభీమవరం పరిసరాల్లో ఉన్న మందుల పరిశ్రమల్లో, మందులు తయారయ్యే పెద్ద మూత పాత్రలైన రియాక్టర్లను శుభ్రం చేయడానికో, లోపలి పూత దెబ్బతిన్నదేమో చూడడానికో మనుషులు మాన్‌హోల్ గుండా లోపలికి దిగవలసి వస్తుంది. ఆ పనికి ముందు పాటించవలసిన జాగ్రత్తలను తెలిపే నోటీసు ఎలా ఉండాలన్నదే ఈ లేఖలోని విషయం. నేను పనిచేసిన చోట ఆ నోటీసు ఇలా ఉండేది: "అధీకృత అధికారిచే జారీ చేయబడిన ప్రవేశ అనుమతి పత్రము లేకుండా పరిమిత ప్రదేశములలోనికి ప్రవేశించుట నిషేధింపబడినది. తగు వ్యక్తిగత రక్షణ సామగ్రి విధిగా ధరింపవలెను." ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయితే ఏ గాలి ప్రాణం తీస్తుందో, ఎవరు పరీక్షించాలో, లోపల మనిషి పడిపోతే బయట ఉన్నవాడు ఏం చేయాలో ఇందులో ఎక్కడా లేదు. కాంట్రాక్టర్ ద్వారా నిన్న చేరిన హెల్పర్‌కు తెలియవలసినవి ఈ మూడే.

మందుల తయారీలో టోలిన్, మిథనాల్ వంటి మండే ద్రావకాలు వాడతారు కాబట్టి, నిప్పు అంటుకోకుండా రియాక్టర్‌లోని గాలిని నైట్రోజన్‌తో తోసివేస్తారు. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు, గొంతులో మంట పుట్టించదు. మనకు ఊపిరి ఆడని బాధ కలిగేది ప్రధానంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడే. నైట్రోజన్ నిండిన చోట మనిషి కార్బన్ డయాక్సైడ్‌ను మామూలుగానే బయటకు వదిలేస్తుంటాడు కాబట్టి, ఉక్కిరిబిక్కిరి కాకుండానే స్పృహ తప్పి పడిపోతాడు. "ఇబ్బందిగా ఉంటే పైకి వచ్చేస్తాను" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ముక్కుకు తగిలించుకునే ఫిల్టర్ మాస్కు కూడా పనికిరాదు, ఎందుకంటే అది కొన్ని ఆవిర్లను ఆపగలదే తప్ప లేని ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టలేదు.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. 19.5 శాతం కంటే తగ్గితే దిగకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు వేల లీటర్ల రియాక్టర్‌ను కడిగి, బ్లోయర్ పెట్టి, ఉదయం పరీక్షిస్తే మీటర్‌లో 20.9 కనిపించింది, పర్మిట్ మీద సంతకమయింది. నైట్రోజన్ పైపుకు వాల్వు మూశారు గానీ పైపును విడదీయలేదు, పైపును పూర్తిగా మూసే బ్లైండ్ అనే బిళ్ల వేయలేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ బ్లోయర్ ఆపారు. ఆ వాల్వు సరిగా పట్టక నిమిషానికి 50 లీటర్ల నైట్రోజన్ లోపలికి వస్తోందనుకుంటే, గంటలో రియాక్టర్ నిండేంత వాయువు చేరుతుంది. అది లోపలి గాలితో కలుస్తూ, బయటి గాలి లోపలికి దిగకుండా ఉంటే ఆక్సిజన్ ఎనిమిది శాతం లోపుకు పడిపోతుంది. భోజనం నుంచి వచ్చిన మనిషి ఉదయం సంతకం చేసిన కాగితాన్ని నమ్మి, లోపల మరిచిపోయిన స్పానర్ కోసం దిగుతాడు. కాగితం ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. మూసిన వాల్వును నమ్మడం, పాత పరీక్షను నమ్మడం, ఈ రెండే ఇక్కడ జరిగిన పొరపాట్లు.

ఆ నోటీసు ఇలా ఉంటే బాగుంటుందని నా మనవి:

"ఈ రియాక్టర్‌లో నైట్రోజన్ ఉండవచ్చు. దానికి వాసన ఉండదు. లోపల మనిషి పడిపోతే మీరు దిగకండి. కేక వేయండి, అలారం నొక్కండి, తాడుతో పైకి లాగండి. పర్మిట్ చూడకుండా దిగకండి. నైట్రోజన్ పైపు విడదీశారా, బ్లైండ్ వేశారా, మీ కళ్లతో చూడండి. ఎజిటేటర్ మోటారు స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. మీటర్‌తో పైన, మధ్యలో, అడుగున పరీక్షించారా అని అడగండి. ఆక్సిజన్ 19.5 కంటే తక్కువ ఉంటే దిగకండి. భోజనం తర్వాత మళ్లీ పరీక్షించాలి. బ్లోయర్ ఆగితే వెంటనే బయటకు రండి. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు కట్టుకోండి. తాడు పట్టుకున్న మనిషి మాన్‌హోల్ దగ్గర నుంచి కదలకూడదు."

చాలా వాక్యాల్లో ఒక్కో పనే ఉంది. "దిగకండి" అన్న మాట పదే పదే వచ్చింది. చదువుకున్నవారికి అది విసుగు పుట్టించవచ్చు గానీ, మార్చవద్దని నా అభిప్రాయం. అడుగున కూడా పరీక్షించమనడానికి కారణం, టోలిన్ వంటి ద్రావకాల ఆవిరి గాలి కంటే బరువై కిందికి చేరడం. మీటర్‌ను మాన్‌హోల్ అంచున పట్టుకుని చూస్తే ఆ ఆవిరి జాడ తెలియదు.

పడిపోయిన మనిషి గురించిన వాక్యాన్ని మొదట్లోనే పెట్టమనడానికి కారణం ఉంది. ఇటువంటి ప్రమాదాల్లో ఒకరు దిగి పడిపోతే, కాపాడబోయిన రెండో మనిషి, ఆ తర్వాత మూడో మనిషి కూడా ప్రాణాలు కోల్పోవడం తరచుగా జరుగుతుంది. మన ఊళ్లలో బావుల పూడిక తీసేటప్పుడూ, సెప్టిక్ ట్యాంకుల్లోనూ జరిగేది ఇదే. తోటివాడు కళ్ల ముందు కూలిపోతుంటే ఆగమని చెప్పడం కఠినంగానే ఉంటుంది. అందుకే ఆ మాటను ప్రమాద సమయంలో కాక ముందే చెప్పి, తాడును ముందే కట్టించాలి. గాలి సరఫరా చేసే పరికరం తొడుక్కుని, దాని వాడకంలో శిక్షణ పొందిన వారు మాత్రమే లోపలికి దిగి రక్షించవచ్చు.

నేను కోరుతున్నది చట్టానికి కొత్తది కాదు. లోపలి వాయువును తొలగించి, అర్హుడైన వ్యక్తి తానే పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలని, లేదా శ్వాస పరికరం, బెల్టు, తాడుతో బయట మనిషిని ఉంచి దించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్ చెప్పింది. నోటీసులు ఇంగ్లీషుతో పాటు, ఎక్కువ మంది కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 108వ సెక్షన్ చెప్పింది. చిక్కంతా ఆ "ఎక్కువ మంది" దగ్గరే వచ్చింది. ఒడిశా నుంచో, బీహార్ నుంచో వచ్చిన నలుగురు హెల్పర్లు లెక్కలో తక్కువైనా, రియాక్టర్‌లోకి దిగేది ఆ నలుగురే కావచ్చు. అటువంటి చోట అదే నోటీసు ఒడియాలో, హిందీలో కూడా ఉండాలి. అది గేటు దగ్గర అద్దాల పెట్టెలో కాకుండా మాన్‌హోల్ పక్కన, నిలబడి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవానికి కట్టే బ్యానర్ల మీద అక్షరాలు ఎంత పెద్దవో అందరికీ తెలుసు!

చదవలేనివారి కోసం, మనుషులు దిగే ముందు షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఆ నోటీసును మాన్‌హోల్ దగ్గరే బిగ్గరగా చదవాలి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. అలా కాక, "లోపల ఇతను పడిపోతే నువ్వేం చేస్తావు?" అని తాడు పట్టుకున్న మనిషినే అడగాలి. "దిగి లాగుతాను" అన్న జవాబు వస్తే ఆ రోజు ఆ పని మొదలుపెట్టకూడదు.

ఫ్యాక్టరీల శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. తనిఖీకి వచ్చినప్పుడు బోర్డు ఉందా లేదా అని రిజిస్టర్‌లో రాసుకుని వెళ్లకుండా, రియాక్టర్ దగ్గర పనిచేస్తున్న ఒక కాంట్రాక్టు కార్మికుణ్ణి పక్కకు పిలిచి ఇదే ప్రశ్న అతని భాషలో అడగాలి. అతను చెప్పిన జవాబును కూడా తనిఖీ నివేదికలో నమోదు చేయాలి.

ఇట్లు,
మందుల పరిశ్రమలో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు,
రణస్థలం, శ్రీకాకుళం జిల్లా.