ఇంగ్లీషులోనూ ఎండని చేప

సంపాదకులకు నమస్కారం.

పాఠశాల గ్రంథాలయాలకు రెండు భాషల కథల పుస్తకాలు అందాయంటూ పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తను, అందులోని అభినందనలతో సహా చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ పుస్తకంలోని ఏడు చేపల కథను మా వీధి బడిలో రెండో తరగతి పిల్లలకు స్వయంగా చదివి వినిపించిన తరువాత ఊరుకోవడం నా వల్ల కాలేదు.

తెలుగు పుట చదువుతున్నప్పుడు పిల్లలు మూడో ప్రశ్నకే కథను అందుకున్నారు. నేను ‘గొల్లవాడా గొల్లవాడా’ అని ఆగితే, ‘ఎందుకు మేపలేదు’ అని తరగతి మొత్తం అరిచింది. ఎదురుగా ఉన్న ఇంగ్లీషు పుట చదివితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంగ్లీషు రాక కాదు, అందుకోవడానికి అనువాదకులు వారికేమీ మిగల్చలేదు. రాజకుమారుడు చేపను ‘ఆస్క్‌డ్’, గడ్డిమేటును ‘ఎంక్వైర్డ్’, ఆవును ‘డిమాండెడ్’. చెప్పిన మాటే మళ్లీ చెప్పడం వ్యాసంలో దోషమే కావచ్చు గానీ, ఈ కథ నడిచేదే దాని మీద.

ఇందులో జవాబులోని క్రియే తరువాతి ప్రశ్నలోకి వస్తుంది. ‘ఆవు మేయలేదు’ అని గడ్డిమేటు అనగానే ‘ఆవా ఆవా, ఎందుకు మేయలేదు’ అన్న ప్రశ్న పిల్లవాడి నోట్లో దానంతటదే తయారవుతుంది. పుస్తకంలోని ఆవుకు మాత్రం ‘నో యాపిటైట్’ అట. మరుసటి ప్రశ్నలో ‘ఈటింగ్’ అట. గొలుసు అక్కడే తెగింది. పైగా ప్రతి జవాబుకూ ముందు ఒక ‘బికాజ్’ తగిలించారు. మన చేప ‘గడ్డిమేటు అడ్డం వచ్చింది’ అంటుందే తప్ప, కారణం చెబుతున్నానని ప్రకటించదు.

ఇంగ్లీషులో ఇది కుదరదని ఎవరైనా అంటే నేను నమ్మను. కంచె దాటని పందితో అవస్థపడే ముసలమ్మ గురించిన ఇంగ్లీషు జానపద కథలో కుక్క, కర్ర, నిప్పు, నీరు ఇలాగే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంగ్లీషు పిల్లలు అదే మాటను పదిసార్లు విని ఆనందిస్తారు. మన కథనూ ఇలా చెప్పవచ్చు: ‘కౌ, కౌ, వై డిడ్‌న్ట్ యూ ఈట్?’ ‘ది కౌహర్డ్ డిడ్‌న్ట్ ఫీడ్ మీ.’ ‘కౌహర్డ్, కౌహర్డ్, వై డిడ్‌న్ట్ యూ ఫీడ్ హర్?’ ‘అవ్వ డిడ్‌న్ట్ గివ్ మీ బువ్వ.’ ఇంతకన్నా ఏం కావాలి? మేయడం, మేపడం అనే జంట ఇక్కడ విడిపోతుందని, చాలా వాక్యాల చివర మోగే ‘లేదు’ ఇంగ్లీషులో వాక్యం మధ్యకు జారిపోతుందని ఒప్పుకుంటాను. చేపా, ఆవా అన్న పిలుపులోని దీర్ఘమూ పోతుంది. అందుకే పేరును రెండుసార్లు పిలవడాన్ని మాత్రం వదలకూడదు. తాళం నిలిచేది దాని మీదనే. అవ్వను, బువ్వను అలాగే ఉంచితే ఆ ప్రాసను పిల్లలే పట్టుకుంటారు. ఆకలితో ఉన్న గొల్లవాడికి అవ్వ పెట్టనిది ఏమిటో ఊహించలేని పిల్లలు ఏ దేశంలో ఉంటారు? అయినా పుట అడుగున బువ్వకు రెండు వరుసల వివరణ, గడ్డిమేటుకు నాలుగు వరుసలు.

ఇక చివర. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అని చీమ అడిగే ప్రశ్నలోనే నీతి మొత్తం ఉంది. ‘ఇఫ్ యూ పోక్ మై గోల్డెన్ యాంట్‌హిల్, వోన్ట్ ఐ బైట్?’ అని ప్రశ్నగానే వదిలేస్తే పిల్లవాడు నవ్వి, తన వేలు తానే చూసుకుంటాడు. వీరు దానిని ‘ఐ బిట్ హిమ్ బికాజ్’ అన్న సంజాయిషీగా మార్చారు. చీమ తన ఇంటిని ముద్దుగా బంగారమంటే, చిత్రకారుడు పుట్టకు పసిడి రంగు పూశాడు. ఆ బొమ్మను చూసి కాబోలు, కింద గడి కట్టి ‘పరుల సొమ్ము ఆశించరాదు’ అని నీతి రాశారు. ఏడుస్తున్న పసివాడు దొంగ అయ్యాడు!

దీనికి సమీక్షా సంఘం ఉందని మీ వార్తలోనే చదివాను. సభ్యుల పేర్లూ హోదాలూ లోపలి అట్ట మీద పుట నిండా ఉన్నాయి. కథకు దక్కింది నాలుగు పుటలే. వారిలో ఒక్కరైనా ఈ పుస్తకాన్ని ఒక తరగతిలో పైకి చదివి, ‘కౌహర్డ్, కౌహర్డ్’ అని ఆగి చూశారా? ఆగినచోట పిల్లలు అందుకోకపోతే ఆ వాక్యం తప్పినట్టే. ఈ పరీక్షకు నిధులు అక్కరలేదు, పావుగంట చాలు. నునుపు కాగితానికి దొరికిన డబ్బులో దీనికి ఖర్చయ్యేది ఏమీ లేదు.

రెండో ముద్రణ జరగబోతున్నదని విన్నాను. కనీసం అప్పుడైనా ఆ నీతి గడిని తీసేసి, ఖాళీ అయిన చోట చీమను కాస్త పెద్దదిగా వేయించవలసిందిగా సంబంధితులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి