తప్పు మొదలైన లైన్ దగ్గరే గుర్తు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇప్పుడు చాలా కాలేజీల్లో వీక్లీ టెస్ట్ పేపర్లని పిల్లలు ఫోన్‌తో ఫోటో తీసి పంపితే లెక్చరర్లు స్క్రీన్ మీదే దిద్ది మార్కులేసి తిప్పి పంపుతున్నారు. పద్ధతి మంచిదే, కాదనట్లేదు. కానీ మ్యాథ్స్ ప్రూఫ్ దిద్దే తీరు చూస్తే మాత్రం బాధేస్తోంది, అందుకే ఈ లెటర్. నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే ఇంటర్ ఫస్టియర్ అమ్మాయి ఒకామె పేపర్ చూపించింది, 1Aలో అందరికీ తెలిసిన ఏడు మార్కుల ప్రశ్నే, గణితానుగమనంతో, అంటే ఇండక్షన్‌తో, 49^n + 16n − 1 ని 64 భాగిస్తుందని చూపించాలి. మూడు మార్కులొచ్చాయి, ఏడో లైన్‌కి ఎర్ర సున్నా చుట్టి "కాలిక్యులేషన్ మిస్టేక్" అని రాశారు. ఆమె రాసింది ఇదీ, నంబర్లు నేను వేశాను:

```
1) S(n): 49^n + 16n − 1 ని 64 భాగిస్తుంది
2) n = 1: 49 + 16 − 1 = 64, నిజం
3) n = k కి నిజం అనుకుందాం: 49^k + 16k − 1 = 64M
4) 49^k = 64M − 16k − 1
5) 49^(k+1) + 16(k+1) − 1 = 49(64M − 16k − 1) + 16k + 15
6) = 64·49M − 784k − 49 + 16k + 15
7) = 64·49M − 768k + 64
8) = 64(49M − 12k + 1)
```

కింది లైన్లన్నీ ఒక కాగితంతో మూసేసి, పైనున్న వాటి నుంచి ఈ ఒక్క లైన్ వస్తుందా రాదా అని చూసుకుంటూ దిగండి. మూడు దాకా ఏ ఇబ్బందీ లేదు. నాలుగులో −1 అటువైపు వెళ్తే +1 అవ్వాలి, కాలేదు, తప్పు మొదలైంది ఇక్కడ. ఐదు, ఆరు మాత్రం తప్పులు కావు, ఎందుకంటే నాలుగో లైన్‌లో ఉన్నదాన్ని ఆమె సరిగ్గానే దింపుకుంది, గుణించడం కూడా కరెక్టే, వాటికి మళ్లీ మార్కులు కోస్తే ఒకే తప్పుకి రెండుసార్లు శిక్ష వేసినట్టు. ఏడో లైన్ వేరే సంగతి. −49, +15 కలిపితే −34 రావాలి, కానీ చివరికి 64 బయటికి రావాలని ఆమెకి ముందే తెలుసు కాబట్టి +64 అని రాసేసింది. చిత్రమేంటంటే ఏడు, ఎనిమిది విడిగా చూస్తే నిజాలే, అసలు రావాల్సింది అదే, కానీ ఆరో లైన్ నుంచి అవి రావు. ప్రూఫ్‌లో లైన్ నిజమైతే చాలదు, పై లైన్ నుంచి రావాలి కదా, చివరి లైన్ ఒక్కటే చూసి మార్కులేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే మోసపోతారు.

ఇంత చిన్న గుర్తు లెక్చరర్ గారికి ఎందుకు కనపడలేదా అని ఫోటో జూమ్ చేసి చూశాను. నాలుగో లైన్‌లో ఆ మైనస్ సరిగ్గా రూల్ గీత మీద పడింది, పైన పెన్ను నీడ కూడా ఉంది, ప్లస్ అనుకుని చదివితే ప్లస్‌లాగే కనిపిస్తుంది, మనకి కరెక్ట్ జవాబు ముందే తెలుసు కాబట్టి కన్ను అదే చదువుకుంటుంది. ఇలాంటప్పుడు కింది లైన్లు చూడాలి, ఐదులో బ్రాకెట్ లోపల −1 స్పష్టంగా ఉంది, ఆరులో −49 ఉంది, అంటే పైన ఆమె రాసింది మైనస్సే. ఘాతంలో కూడా ఇదే తంటా, 49^(k+1) ని కొంచెం కిందకి రాస్తే ఫోటోలో 49^k + 1 లాగా కనపడుతుంది, దాన్ని కూడా తర్వాతి లైన్‌లో ఎలా వాడిందో చూసే తేల్చాలి. కింది లైన్ వల్ల కూడా తేలకపోతేనో, అంచు కట్ అయిపోతేనో, ఊహించి మార్కులెయ్యకుండా ఇంకో ఫోటో అడగాలి.

ఇక ఆ అమ్మాయి ఏం చేసిందంటే, "కాలిక్యులేషన్ మిస్టేక్" అన్నారు కాబట్టి ఏడో లైన్ మళ్లీ చేసింది, −34 వచ్చింది, అక్కడి నుంచి 64 బయటికి రాదు, దాంతో "నాకు ఇండక్షనే రాదు సార్" అని కూర్చుంది. ఇండక్షన్ ఆమెకి బానే వచ్చండీ, ఎడమ నుంచి కుడికి మార్చేటప్పుడు గుర్తు మర్చిపోయింది అంతే. ఎర్ర సున్నా నాలుగో లైన్‌కి పడుంటే తనే రెండు నిమిషాల్లో దిద్దుకునేది, నేను చూపించాక అలాగే దిద్దుకుంది కూడా.

అందుకని కాలేజీలవాళ్లని కోరేది ఒక్కటే, మార్కులతో పాటు తప్పు మొదలైన లైన్ పక్కన ఒక గుర్తు, ఎందుకు తప్పో నాలుగు మాటలు రాయండి. ఇంటర్‌లో రీవెరిఫికేషన్‌కి డబ్బు కట్టినవాళ్లకి స్కాన్ కాపీ ఇస్తున్నారు కదా, ఆ జవాబుల మీద కూడా ఈ గుర్తు ఉండేలా చూడాలని అధికారులకి మనవి. పేపర్‌కి ఇంకొంచెం టైమ్ పడుతుంది నిజమే, దానికి తగ్గట్టు ఒక్కొక్కరికి ఇచ్చే పేపర్లు తగ్గించాలి.

– ఒక మ్యాథ్స్ ట్యూషన్ మాస్టారు, నల్గొండ