ముఖానికి మార్కులు వేసే గ్రూపుల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ పరీక్షల తేదీలు, సెలవుల వివరాలు చివరి పేజీలో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలలో, ముఖ్యంగా మగపిల్లలలో, ఈ మధ్య నేను గమనిస్తున్న ఒక విషయానికి కేటాయిస్తున్నాను. ముఖాన్ని, దవడను, కళ్ల వాలును సరిదిద్దుకుని అందగాళ్లు కావచ్చని చెప్పే ఆన్‌లైన్ బృందాలు ఉన్నాయి. ఈ ప్రయత్నాన్ని పిల్లలు లుక్స్‌మ్యాక్సింగ్ అంటున్నారు. ఆ బృందాలలో తమ ఫోటో పెట్టి, ముఖానికి మార్కులు వేయమని ముక్కూమొహం తెలియనివారిని అడుగుతున్నారు.

మా తొమ్మిదో తరగతి బాబు ఒకరి సంగతి, ఆ కుటుంబం అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసివేసి రాస్తున్నాను. బాబు ఎప్పుడూ కిటికీ పక్కన, ఎడమ చెంప గోడవైపు ఉండేలా కూర్చునేవాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా మాస్కు తీసేవాడు కాదు, తరగతి గ్రూప్ ఫోటో రోజున బడికే రాలేదు. వాళ్లమ్మ వచ్చి, "మేడమ్, వీడు రాత్రిపూట బాత్‌రూంలో ఫోను పెట్టుకుని గంట గంట అద్దం చూస్తా ఉంటాడు, పిలిస్తే ఏడుస్తా ఉన్నాడు" అని చెప్పినప్పుడు గానీ మాకు కారణం తెలియలేదు. ఒక గ్రూపులో అతని ముఖానికి ఎనిమిదికి మూడున్నర వేశారు. దవడ వెనక్కి ఉందని, ముక్కు వెడల్పని, కంటి బయటి మూల కిందికి వాలిందని రాసి, "నీ పని అయిపోయింది" అని ముగించారు.

ఎనిమిదికి వేసే ఈ కొలమానాన్ని వాళ్లు పీఎస్ఎల్ అంటారు. అది శాస్త్రీయమైన కొలత కాదు. ఆడవాళ్లపై ద్వేషం, తమపై నిరాశ నింపుకున్న మగవాళ్లు కూడిన మూడు పాత ఇంటర్నెట్ వేదికల పేర్లలోని మొదటి అక్షరాలవి. అయినా డిగ్రీలు, నిష్పత్తులు, గీతలు గీసిన ఫోటోలు చూపించేసరికి పద్నాలుగేళ్ల పిల్లవాడికి అది లెక్కల పేపరు దిద్దినంత నిక్కచ్చిగా కనిపిస్తుంది. ఓదార్పు మాటల కంటే ఆ కొలతలోని తప్పును పిల్లవాడికి కళ్లారా చూపించడమే మేలని మా సైన్సు ఉపాధ్యాయులకు అనిపించింది.

వారు బాబును ల్యాబులో నిలబెట్టి, ఒకే ఫోనుతో, ఒకే నిమిషంలో రెండు ఫోటోలు తీశారు. ఒకటి సెల్ఫీ తీసుకునే దూరంలో, అంటే 30 సెంటీమీటర్ల నుంచి, రెండోది ఒకటిన్నర మీటర్ల నుంచి. రెండింటిలోనూ ముఖం వెడల్పు 10 సెంటీమీటర్లు వచ్చేలా ప్రింటు తీసి, స్కేలు బాబు చేతికే ఇచ్చారు. దగ్గరి ఫోటోలో ముక్కు 3.3 సెంటీమీటర్లు, దూరపు ఫోటోలో 2.6 సెంటీమీటర్లు వచ్చింది. కెమెరాకు దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదిగా, వెనక ఉన్న చెవులు, చెంపలు చిన్నవిగా పడటమే దీనికి కారణం. 2018లో అమెరికా వైద్యులు ప్రచురించిన లెక్క ప్రకారం కూడా, ఈ రెండు దూరాల మధ్య ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. కంటి వాలు కూడా అంతే. గడ్డం కాస్త పైకెత్తితే కంటి బయటి మూల వాలినట్టు, దించితే లేచినట్టు ఫోటోలో వస్తుంది. ఇక దవడ మాటకొస్తే, మగపిల్లలలో కింది దవడ యుక్తవయసు అంతా ఎదుగుతూనే ఉంటుంది. ఎదుగుతున్న పిల్లవాడి దవడను పాతికేళ్ల మోడల్ దవడ పక్కన పెట్టి మార్కులు వేయడం అన్యాయం కాక మరేమిటి?

అయితే తప్పు తెలిసినంత మాత్రాన బాబు అద్దం చూడటం మానలేదు. అసలు హాని ఇక్కడే ఉంది. దిగులు కలిగినప్పుడు అద్దం చూస్తే లేదా ఎవరినైనా అడిగితే ఒక నిమిషం ఊరట దొరుకుతుంది. ఆ ఊరట కోసమే మనసు మళ్లీ అడుగుతుంది, అడిగిన కొద్దీ దిగులు పెరుగుతుంది. మార్కులు వేసే గ్రూపు ఈ చక్రాన్ని రాత్రీ పగలూ తిప్పుతూ ఉంటుంది. మంచి మార్కు వస్తే రేపు పడిపోతుందేమోనన్న భయం, తక్కువ వస్తే ఇంకో కోణంలో మరో ఫోటో. ఇది ముదిరితే శరీర రూపభ్రాంతి రుగ్మత అనే జబ్బు కావచ్చు. ఇతరులు గమనించని లోపాన్ని పట్టుకుని మనసు రోజూ గంటల తరబడి వేధించడం దాని లక్షణం. అది చాలామందిలో యుక్తవయసులోనే మొదలవుతుంది.

గ్రూపు నుంచి బయటపడటానికి ఫోను లాక్కోవద్దని ఆ తల్లిదండ్రులకు చెప్పాము, ఎందుకంటే పిల్లవాడు అప్పుడు స్నేహితుడి ఫోనులోంచి చూస్తాడు. బాబు తండ్రితో కలిసి కూర్చుని, ముందుగా తాను పెట్టిన ఫోటోలన్నీ తొలగించి, ఆ తరవాతే గ్రూపు వదిలేశాడు. ఈ వరుస ముఖ్యం. చాలాచోట్ల బయటికి వచ్చేశాక పాత ఫోటోలను తొలగించే దారి ఉండదు. ఎవరైనా ఫోటోతో బెదిరిస్తున్నట్లయితే మాత్రం ఏదీ తొలగించకముందే స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోను చేయండి. గ్రూపు వదిలేశాక బాబు, తండ్రి కలిసి ఫోనులో వెతికిన వాటి చరిత్రను తుడిచి, అలాంటి వీడియో ఎదురైన ప్రతిసారీ "ఆసక్తి లేదు" అని నొక్కుతూ వచ్చారు. కొన్నాళ్లకు అవి తగ్గాయి.

అద్దం విషయంలో వాళ్లు చేసిన పని నాకు బాగా నచ్చింది. మొదటి వారం మానమనలేదు, ఎన్నిసార్లు చూశాడో నోటుపుస్తకంలో గీతలు పెట్టమన్నారు. రోజుకు నలభై దాకా వచ్చాయి. రెండో వారం నుంచి, చూడాలనిపించినప్పుడు పావుగంట ఆగడం అలవాటు చేశారు. ఆరు వారాలకు పన్నెండుకు దిగింది. ఇంకా పూర్తిగా పోలేదు. "నేను బాగున్నానా?" అని అడిగినప్పుడల్లా "బంగారంలా ఉన్నావు నాయనా" అనే వాళ్లమ్మ, ఇప్పుడు "దాని గురించి దిగులుగా ఉందా?" అని అడిగి, వేరే పనిలోకి దింపుతున్నారు. ఆమెకు అది ఎంత కష్టమో నాకు తెలుసు.

మన ఇళ్లలోనూ ఒక మాట ఆపాలి. పెళ్లిలో, జాతరలో కనిపించగానే "ఏందిరా ఇట్ల నల్లగైపోయినావు, చిక్కిపోయినావు" అనడం ప్రేమతోనే అయినా, అదీ ముఖానికి మార్కు వేయడమే. ఆ బాబు నోటుపుస్తకంలో గ్రూపు వాళ్ల మాటలతో పాటు మేనమామ మాట కూడా రాసి ఉంది.

నాలుకను అంగిట్లో నొక్కి ఉంచే మ్యూయింగ్ వల్ల దవడ మారుతుందనడానికి ఆధారం లేదు. దాన్ని ప్రచారం చేసిన బ్రిటన్ దంతవైద్యుడి పేరును అక్కడి దంతవైద్య మండలి 2024లో రిజిస్టరు నుంచి తొలగించింది. ఎముక గట్టిపడుతుందని చెంపలను కొట్టుకునే పిల్లలు కూడా ఉన్నారు. చెంప మీద కారణం చెప్పని కమిలిన గుర్తు, ఉన్నట్టుండి తిండి తగ్గించడం, డాక్టరు చెప్పకుండా తెచ్చుకున్న తెల్లబరిచే క్రీములు కనిపించినా, ముఖం గురించిన ఆలోచన రోజుకు గంట దాటినా, బడి మానేస్తున్నా, ఆలస్యం చేయకండి. రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదనే మాట నోట వస్తే ఆ పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకుండా, అప్పటికప్పుడే తీసుకువెళ్లండి.

తరగతి గ్రూప్ ఫోటోను వచ్చే నెల మళ్లీ తీయిస్తున్నాము. ఎవరు ఎక్కడ నిలబడాలో పిల్లలే ఎంచుకుంటారు, ఫోటోగ్రాఫరు మూడు మీటర్ల దూరం నుంచి తీస్తారు. మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ ఆ రోజు రానంటే బలవంతం చేయకండి, ముందురోజు సాయంత్రం నాలుగు తరవాత నా గదికి వచ్చి ఒక మాట చెప్పండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
తిరుపతి