తిరగేసిన అదృష్టం

సింగపూర్,
ఫిబ్రవరి 20, 2026

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ 17న చైనీస్ కొత్త సంవత్సరం, గుర్రం సంవత్సరం వచ్చింది. ముందురోజు రాత్రి కుటుంబమంతా కలిసి భోంచెయ్యడం వాళ్ళకి పెద్ద పండగ. మా ఎదురింటి ఆంటీ వాళ్ళింటికి పదిహేనుమంది చుట్టాలు వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. దాంతో స్టూలెక్కే పనులన్నీ నా మీద పడ్డాయి.

మొదట ఎర్ర లాంతర్లు. మడతపెట్టి అమ్ముతారు, లోపలి తీగ లాగి కొక్కెం తగిలిస్తే గుమ్మడికాయలా ఉబ్బుతాయి. ఎప్పుడూ జంటగానే, గుమ్మానికి అటొకటి ఇటొకటి. రెండిటికీ సమానంగా దారం కొలిచి కట్టాను. దిగి చూస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి! కొక్కేలు రెండూ ఒకే ఎత్తులో లేవని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఎక్కి, ఈసారి నేల నుంచి కుచ్చు చివర దాకా కొలిచి సరిచేశాను. అది మన ఎత్తుకి పైన ఉండాలి, లేకపోతే వచ్చినవాళ్ళందరి నెత్తికీ తగులుతుంది.

తర్వాత అసలు తమాషా. ఆంటీ ఎర్రకాగితం మీద బంగారు రంగుతో రాసిన 'ఫు' అనే అక్షరం ఇచ్చి, బియ్యం డబ్బా మీద అంటించమంది. ఫు అంటే అదృష్టం. అంటించి అటు తిరిగాక చూస్తే తలకిందులుగా కనిపించింది. ఎవరూ చూడకముందే పీకి సరిగ్గా పెట్టేశాను. ఆవిడ వచ్చి చూసి పడీపడీ నవ్వింది, దాన్ని తలకిందులుగానే అంటించాలట. మాండరిన్‌లో 'తలకిందులు' అన్నా 'వచ్చింది' అన్నా ఒకేలా 'దావ్' అని పలుకుతుందట. 'ఫు తలకిందులైంది' అంటే చెవికి 'అదృష్టం వచ్చింది' అనే వినిపిస్తుంది. అయితే వీధి తలుపు మీద మాత్రం నిటారుగా ఉండాలనేది ఆవిడ పట్టుదల. ఇళ్ళని బట్టి మారుతుందిలే.

అప్పటి నుంచి చూస్తున్నాను, ఇంట్లో ప్రతి అలంకారమూ ఓ శ్లేషే. మన తెలుగు మాస్టారుంటే ఎగిరి గంతేసేవారు. కమలాపండుని చైనా వాళ్ళ ఇంకో భాష కాంటనీస్‌లో 'గమ్' అంటారు, బంగారానికీ అదే పలుకుబడి. అనాసకి వీళ్ళ మరో చైనా భాష హొక్కియెన్‌లో 'ఓంగ్ లాయ్', 'భాగ్యం వస్తోంది' అన్నట్టు వినిపిస్తుంది. పంపరపనసని మాండరిన్‌లో 'యౌ' అంటారు, 'ఉంది' అనే మాటకి దగ్గరగా ఉంటుంది. బేరిపండు మాత్రం పళ్ళెంలోకి రాదు, దాని పేరు 'లీ' విడిపోవడాన్ని గుర్తుచేస్తుందట. నాలుగు అంకె చావులా వినిపిస్తుంది కాబట్టి నాలుగు పళ్ళు పెట్టరు, ఎనిమిది మంచిది. గుండ్రటి పళ్ళెంలో అయిదు కమలాలు వలయంగా పేర్చి, పైన మూడు నిలబెట్టాం. ఆకులున్న కాయలే కొంది, తొడిమ పచ్చగా ఉంటే తాజా అని. పళ్ళు కడగనివ్వలేదు, పొడిగుడ్డతో తుడిపించింది. తడితో పేరిస్తే ఈ ఉక్కలో అడుగుకాయకి రెండోరోజుకే బూజు పడుతుందట.

కాగితం కత్తిరింపే నన్ను ఏడిపించింది. కిటికీకి 'చున్', అంటే వసంతం అనే అక్షరం. ఇది దాదాపు కుడిఎడమలు ఒకేలా ఉంటుంది కాబట్టి కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి సగమే గీస్తారు. పైన ఉన్న మూడు అడ్డగీతల మధ్య ఖాళీలు తెరిచి ఉన్న అంచు నుంచి కోస్తూ వచ్చి, మడతకి అర వేలు దూరంలో ఆపాలి. కింద పెట్టెలాంటి భాగంలో రెండు కిటికీలుంటాయి, వాటిని మాత్రం మడత వైపు నుంచే కొయ్యాలి. నేను పైగీత కింది ఖాళీని మడత దాకా కోసేశాను. విప్పగానే అక్షరం తల ఊడి నేలమీద పడింది! ఆంటీ మరో కాగితం ఇచ్చి, "ముందు లోపలి ఖాళీలు, చివర బయటి గీత" అంది. బయట ముందే కోస్తే పట్టుకోవడానికి కాగితమే మిగలదు కదా. మూడోసారికి కుదిరింది. మైదా జిగురు పల్చగా, మూలలకే రాశాం. నేను ఒకచోట తడి ఎక్కువ చేస్తే ఎర్రరంగు దిగి గాజు మీద గులాబీ మరక పడింది, ఇప్పటికీ ఉంది.

భోజనానికి వెళ్తూ రెండు కమలాలు రెండు చేతులతో అందించాను. తిరిగొచ్చేటప్పుడు ఆవిడా రెండు ఇచ్చింది. నేనిచ్చినవి కావు, అడిగి మరీ చూశాను! మర్నాడు వాళ్ళింట్లో చీపురు కనబడలేదు. మొదటిరోజు ఊడిస్తే వచ్చిన అదృష్టం బయటికి పోతుందని దాచేసింది.

మన ఉగాది మార్చి 19న. ఆ రోజు నేనేం కడతానని ఆంటీ ఇప్పటి నుంచే అడుగుతోంది. మామిడాకుల తోరణం గురించి చెప్పాను, వేపపువ్వు గురించీ చెప్పాను. "దాని పేరెలా వినిపిస్తుంది?" అంది. నోరు మూతపడిందిరా. వేపపువ్వుకో శ్లేష ఆలోచించి వెంటనే రాసి పంపు.

నీ
సూరి